ఫ్రీలాన్సర్ రోజు రేటు ఎలా కట్టాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

నేను హైదరాబాద్‌లో ఉండి ఫ్రీలాన్స్‌గా యూఐ డిజైన్ పని చేస్తుంటాను. ఉద్యోగం మానేసి సొంతంగా చేద్దామనుకునే వాళ్లు నన్ను ముందుగా అడిగేది ఒక్కటే: "రోజుకి ఎంత చెప్పాలి?" ఆ ప్రశ్న వెనకే వచ్చే మిగతా ప్రశ్నలకు కూడా ఇక్కడ జవాబులు రాశాను.

లెక్క అంతా ఒకే ఉదాహరణ మీద సాగుతుంది. హైదరాబాద్‌లో ఒక కంపెనీలో 12 లక్షల సీటీసీ ఉన్న డిజైనర్, ఇంట్లో భార్య, ఒక పాప. బేసిక్ జీతం 6 లక్షలు. పన్ను అంకెలు 2025-26 ఆర్థిక సంవత్సరానివి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చి సెక్షన్ నంబర్లు మారాయి కాబట్టి, మీ ఏడాదికి ఏవి వర్తిస్తాయో చూసుకోండి. లెక్క కట్టే పద్ధతి మాత్రం ఇదే.

సీటీసీని 260తో భాగిస్తే రోజు రేటు వచ్చేస్తుంది కదా?

రాదు. నేను మొదట సరిగ్గా ఆ తప్పే చేశాను. అప్పటి నా సీటీసీ 7 లక్షల 80 వేలు. ఏడాదిలో పని రోజులు 260 కాబట్టి రోజుకి 3,000 అని రేటు పెట్టుకున్నాను. పైన కొంచెం కూడా కలపలేదు, ఎక్కువ చెబితే పని పోతుందని భయం. ఏడాది చివర ఇన్‌వాయిస్‌లు అన్నీ ముందేసుకుని లెక్కపెడితే, బిల్లు వేసిన రోజులు 118. వచ్చింది 3 లక్షల 54 వేలు. ఆ ఏడాది నేను ఖాళీగా కూర్చున్నది తక్కువే, దాదాపు ప్రతిరోజూ ఏదో పని చేస్తూనే ఉన్నాను. ఆ పనిలో చాలా భాగానికి డబ్బు ఇచ్చేవాళ్లు లేరు, అంతే.

ఉద్యోగంలో పండగ రోజుకీ, జ్వరం వచ్చిన రోజుకీ, మీటింగ్ కోసం ఎదురుచూసిన రోజుకీ జీతం వస్తుంది. ఫ్రీలాన్స్‌లో ఆ రోజులన్నిటి ఖర్చూ పని చేసిన రోజుల మీదే పడుతుంది. రేటు తప్పడానికి చాలామంది పన్నును కారణంగా చూస్తారు. అసలు తప్పు ఎక్కువగా భాగించే సంఖ్యలో ఉంటుంది. అందుకే మొదట రోజుల లెక్కే చూద్దాం.

మరి ఏడాదిలో బిల్లు వేయగలిగే రోజులు ఎన్ని?

365 రోజుల్లో శని, ఆదివారాలు 104 తీసేస్తే 261 మిగులుతాయి. వాటిలోంచి ఒక్కొక్కటీ తీసేద్దాం.

ముందు సెలవులు. వారం మధ్యలో పడే పండగలు, జాతీయ సెలవులు 12 అనుకోండి. సంక్రాంతికి ఊరెళ్లడం, పెళ్లిళ్లు, పిల్లల సెలవులు కలిపి మీ సొంత సెలవు 18 రోజులు. ఒంట్లో బాగోలేని రోజులు, ఇంట్లో వాళ్లని ఆసుపత్రికి తీసుకెళ్లే రోజులు 7. మొత్తం 37 పోయి 224 మిగిలాయి. సొంత సెలవుని సున్నా అని వేసుకుని "నేను సెలవు పెట్టను" అనేవాళ్లున్నారు. మేనమామ కూతురి పెళ్లికి వెళ్లకుండా ఎవరూ ఉండలేరు. రేటులో లేని సెలవు తీసుకుంటే ఆ నెల అద్దె దగ్గర టెన్షన్ మొదలవుతుంది.

తర్వాత, డబ్బు రాని పని. కొత్త క్లయింట్‌తో మొదటి కాల్స్, కొటేషన్ రాయడం, పోర్ట్‌ఫోలియో సరిచేయడం, ఇన్‌వాయిస్‌లు పంపడం, రాని డబ్బు కోసం ఫోన్లు చేయడం, కొత్త టూల్ నేర్చుకోవడం. ఇవన్నీ కలిపితే వారానికి ఒక రోజు పోతుంది. 224 రోజులంటే దాదాపు 45 పని వారాలు, ఆ లెక్కన 44 రోజులు తీసేద్దాం. 180 మిగిలాయి.

చివరగా ఖాళీ రోజులు. ఒక ప్రాజెక్టు అయిపోయింది, తర్వాతిది ఇంకా మొదలవలేదు. లేదా క్లయింట్ "వచ్చే సోమవారం కంటెంట్ పంపిస్తాం" అని రెండు వారాలు జరిపాడు. మీరు సిద్ధంగా ఉన్నారు, పని లేదు. ఏడాదికి రెండు నెలల పని దినాలు, అంటే 40 రోజులు తీసేస్తే చివరికి 140 మిగులుతాయి.

ఖాళీ రోజులు 40 అని ముందే ఎలా చెప్పగలం?

కచ్చితంగా చెప్పలేం. కానీ మీ పని స్వభావాన్ని బట్టి దగ్గరగా అంచనా వేయవచ్చు. మీ ప్రాజెక్టు సగటున ఎన్ని రోజులు ఉంటుంది, రెండు ప్రాజెక్టుల మధ్య ఎంత విరామం వస్తోంది అనేవి చూడండి. ఒక్కో ప్రాజెక్టు 20 రోజులు అనుకుంటే 140 రోజులు నిండడానికి ఏడాదికి 7 ప్రాజెక్టులు కావాలి. రెండిటి మధ్య సగటున ఆరు పని దినాలు ఖాళీ వస్తే ఏడు విరామాలకు 42 రోజులు. ఉదాహరణలో 40 అని అలా వేసిందే. అదే నాలుగైదు రోజుల చిన్న పనులు చేసేవాళ్లకు విరామాల సంఖ్య బాగా పెరిగిపోతుంది, కాబట్టి వాళ్లు ఖాళీ రోజులు ఇంకా ఎక్కువ వేసుకోవాలి.

ఖాళీలు ఏడాదంతా సమానంగా రావు. విదేశీ క్లయింట్లు డిసెంబర్ చివరి రెండు వారాలు కనిపించరు. ఇక్కడి క్లయింట్లతో నాకు దసరా, సంక్రాంతి చుట్టూ ఆగిపోవడం ఎక్కువ. మొదటి ఏడాది చేతిలో పాత లెక్కలు ఉండవు కాబట్టి 120 రోజులతో మొదలుపెట్టమని చెబుతాను. నా మొదటి ఏడాది 118 వచ్చిందని చెప్పాను కదా, అది మరీ దురదృష్టమైన ఏడాది ఏమీ కాదు.

ఏడాదికి ఎంత డబ్బు కావాలో ఎలా లెక్కించాలి?

నెలనెలా ఖాతాలో పడే జీతం నుంచి మొదలుపెట్టకండి, సీటీసీ నుంచి మొదలుపెట్టండి. మన ఉదాహరణలో 12 లక్షల్లో కంపెనీ వేసే పీఎఫ్ బేసిక్‌లో 12 శాతం, అంటే 72 వేలు. గ్రాట్యుటీ బేసిక్‌లో 4.81 శాతం, సుమారు 29 వేలు. ఇవి చేతికి రావు కాబట్టి చాలామందికి గుర్తుండవు. రేపు పీఎఫ్ వేసేవాళ్లు ఉండరు, మీరే పీపీఎఫ్‌లోనో ఎన్‌పీఎస్‌లోనో వేసుకోవాలి. అందుకని 12 లక్షలూ అలాగే ఉంచండి.

దాని మీద, ఇప్పటిదాకా కంపెనీ భరించినవి కలపాలి. మన డిజైనర్‌కి ఇలా వచ్చింది: ముగ్గురికీ ఆరోగ్య బీమా 32 వేలు. టర్మ్ బీమా, ప్రమాద బీమా కలిపి 18 వేలు. ల్యాప్‌టాప్, మానిటర్, కుర్చీ మూడేళ్లకోసారి మారుస్తారనుకుంటే ఏడాది వాటా 35 వేలు. ఇంటర్నెట్, కరెంటు, ఇన్వర్టర్ 30 వేలు. సాఫ్ట్‌వేర్ చందాలు 40 వేలు. సీఏ ఫీజు 25 వేలు. మొత్తం లక్షా 80 వేలు. మీ అంకెలు వేరుగా ఉంటాయి, ముఖ్యంగా బీమా ప్రీమియం వయసును బట్టి మారుతుంది. అంచనా మీద వదిలేయకుండా కొటేషన్ తెప్పించుకుని ఆ అంకె వేసుకోండి.

ఇప్పటికి 13 లక్షల 80 వేలు అయింది.

బెనిఫిట్స్ విషయంలో ప్రీమియం కలిపేస్తే సరిపోతుందా?

డబ్బు వరకు సరిపోతుంది, సమయం వరకు సరిపోదు. సొంత ఆరోగ్య పాలసీలో ముందు నుంచీ ఉన్న జబ్బులకు 36 నెలల వరకు వెయిటింగ్ పీరియడ్ ఉండవచ్చు. బీపీ, షుగర్ ఉన్నవాళ్లు రాజీనామా ఇచ్చాక పాలసీ కోసం వెతికితే మధ్యలో కవరేజీ లేని కాలం వచ్చేస్తుంది. కంపెనీ గ్రూప్ పాలసీ నుంచి అదే బీమా సంస్థ సొంత పాలసీకి మారే వీలు ఉంటుంది. ఉద్యోగంలో చివరి రోజుకి ముందే దరఖాస్తు పెట్టి, పాత కవరేజీ కాలాన్ని వెయిటింగ్ పీరియడ్‌లో ఎంత కలుపుతారో రాతపూర్వకంగా అడగండి.

ఇంకొకటి, చెయ్యి విరిగి రెండు నెలలు పని చేయలేకపోతే ఆరోగ్య బీమా ఆసుపత్రి బిల్లు కడుతుంది, పోయిన సంపాదన ఇవ్వదు. కొన్ని వ్యక్తిగత ప్రమాద పాలసీల్లో తాత్కాలికంగా పని చేయలేనప్పుడు వారానికి ఇంత అని ఇచ్చే కవర్ ఉంటుంది. పైన వేసిన 18 వేలలో దాన్ని కూడా చేర్చాను. జ్వరంలాంటి వాటికి అది వర్తించదు. వాటి కోసమే రోజుల లెక్కలో 7 తీసేశాం.

పన్ను ఎంత కలపాలి?

ఇక్కడ మీ వృత్తి ఏమిటన్నదే పెద్ద తేడా తెస్తుంది.

ఆదాయపు పన్ను చట్టం 1961లోని సెక్షన్ 44ఏడీఏ ప్రకారం కొన్ని వృత్తుల వాళ్లు వచ్చిన మొత్తంలో సగాన్ని ఆదాయంగా చూపించి పన్ను కట్టవచ్చు, ఖర్చుల పుస్తకాలు రాయక్కర్లేదు. రాబడి పరిమితి 50 లక్షలు, నగదు రూపంలో వచ్చింది 5 శాతం దాటకపోతే 75 లక్షలు. వైద్యం, న్యాయం, ఇంజనీరింగ్, ఆర్కిటెక్చర్, అకౌంటెన్సీ, టెక్నికల్ కన్సల్టెన్సీ, ఇంటీరియర్ డెకరేషన్ వంటివి ఆ జాబితాలో ఉన్నాయి. కొత్త పన్ను విధానంలో 12 లక్షల ఆదాయం వరకు రిబేటు వల్ల పన్ను సున్నా. అంటే ఈ సెక్షన్ వర్తించేవాళ్లకు 24 లక్షల రాబడి దాకా, వేరే ఆదాయం లేకపోతే, పన్ను పడదు.

డిజైనర్, కంటెంట్ రైటర్ అన్న పేర్లు ఆ జాబితాలో లేవు. కొందరు తమ పనిని టెక్నికల్ కన్సల్టెన్సీ కింద చూపిస్తారు. అది మీ పనికి నిలబడుతుందా లేదా అన్నది సీఏ దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి, వాట్సాప్ గ్రూపులో ఎవరో అన్నారని చేయకండి. అది తేలేదాకా మామూలు పద్ధతిలోనే రేటు కట్టడం క్షేమం.

మామూలు పద్ధతిలో మన డిజైనర్ రాబడిలోంచి వృత్తి ఖర్చులు (సామాన్లు, ఇంటర్నెట్, కరెంటు, సాఫ్ట్‌వేర్, సీఏ) లక్షా 30 వేలు తీసేయవచ్చు. కుటుంబ బీమా అందులోకి రాదు. జీతగాళ్లకు ఇచ్చే 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ కూడా ఇక ఉండదు. పన్ను పోగా 13 లక్షల 80 వేలు మిగలాలంటే రాబడి సుమారు 14 లక్షల 65 వేలు ఉండాలి. ఆదాయం 13 లక్షల 35 వేలు, పన్ను సెస్‌తో కలిపి 83 వేల పైచిలుకు. ఇదే మనిషికి ఉద్యోగంలో కొత్త విధానం కింద పన్ను సున్నా. ఆ తేడాని క్లయింటే భరించాలి, అంటే రేటులో ఉండాలి.

ఒక మాట పక్కన చెప్పాలి. 44ఏడీఏ కింద సగమే ఆదాయంగా చూపిస్తే పన్ను తగ్గుతుంది కానీ, ఇంటి లోన్‌కి వెళ్లినప్పుడు బ్యాంకు కూడా ఆ రిటర్నులే అడుగుతుంది. ఇల్లు కొనే ఆలోచన ఉంటే ముందే సీఏతో మాట్లాడుకోండి.

ఇంతకీ రోజు రేటు ఎంత వచ్చింది?

14 లక్షల 65 వేలకు, ఎగ్గొట్టే బిల్లుల కోసం 45 వేలు కలపండి. ఏడాదికి నాలుగు రోజుల పని డబ్బు రాకుండా పోతుందని అనుకోవడం అది. మొత్తం 15 లక్షల 10 వేలు. 140తో భాగిస్తే 10,786. మన డిజైనర్ రేటు 10,800.

సీటీసీని 261తో భాగిస్తే వచ్చేది 4,600. రెండిటికీ మధ్య రెండు రెట్లకు పైగా తేడా. మొదటిసారి చూసినవాళ్లు "ఇంత చెబితే ఎవరిస్తారు?" అంటారు. అందుకే ఏ అంకె రేటుని ఎంత కదుపుతుందో చూడండి. ఇదే డిజైనర్‌కి 44ఏడీఏ వర్తించి పన్ను పూర్తిగా పోయిందనుకోండి, రేటు సుమారు 10,200 అవుతుంది. తేడా 600 మాత్రమే. అదే బిల్లు రోజులు 140 బదులు 120 అయితే రేటు 12,600 కావాలి, 180 అయితే 8,400 చాలు. రేటు తగ్గించాలని మీకు నిజంగా ఉంటే, పన్ను ఆదా కోసం పడే తిప్పలకన్నా ఖాళీ రోజులు తగ్గించుకునే ప్రయత్నం చాలా ఎక్కువ ఫలితం ఇస్తుంది.

టీడీఎస్ 10 శాతం కోస్తారు కదా, దాన్ని కూడా రేటులో కలపాలా?

వద్దు. అది మీ పేరు మీద ముందుగా కట్టిన పన్ను, రిటర్ను వేశాక లెక్కలోకి వస్తుంది. ఒక క్లయింట్ నుంచి ఏడాదిలో వచ్చే ఫీజు 50 వేలు దాటితే సెక్షన్ 194జె కింద వృత్తి ఫీజు మీద 10 శాతం కోస్తారు. మన డిజైనర్‌కి క్లయింట్లందరూ కోస్తే లక్షా 45 వేల దాకా పోతుంది, కట్టాల్సిన పన్ను 83 వేలే. మిగతా 60 వేల పైన రీఫండ్ వస్తుంది, కానీ రిటర్ను వేశాకే. అప్పటిదాకా ఆ డబ్బు మీ దగ్గర ఉండదు. కాబట్టి ఇది రేటు సమస్య కాదు, చేతిలో మూడు నాలుగు నెలల ఖర్చు ఉంచుకోవాల్సిన సమస్య. కోసిన టీడీఎస్ ఫామ్ 26ఏఎస్‌లో కనిపిస్తోందో లేదో మూడు నెలలకోసారి చూడండి. కోసి కట్టని క్లయింట్లు నాకు ఇద్దరు తగిలారు.

జీఎస్టీ?

తెలుగు రాష్ట్రాల్లో సేవలు ఇచ్చేవాళ్ల రాబడి ఏడాదికి 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. మన ఉదాహరణలో దాటలేదు. దాటే అవకాశం ఉంటే కొటేషన్‌లో "జీఎస్టీ అదనం" అని మొదటి రోజు నుంచే రాయండి. అది రాయకుండా 10,800కి ఒప్పుకుని, తర్వాత 18 శాతం అందులోంచే కట్టాల్సి వస్తే మీకు మిగిలేది 9,150.

"మా ఉద్యోగికి రోజుకి అయిదు వేలే అవుతుంది, మీకెందుకు పది వేలు?" అంటే ఏం చెప్పాలి?

మీ ఇంటి ఖర్చుల లెక్క వాళ్లకి చూపించకండి. అది బేరానికి తలుపు తీసినట్టు అవుతుంది. ఉద్యోగికి వాళ్లు 12 నెలలు జీతం ఇస్తారు, మిమ్మల్ని కావాల్సిన 20 రోజులకే తీసుకుంటారు. ఆ ఒక్క మాట చాలు. 20 రోజుల పనికి వాళ్ల ఖర్చు 2 లక్షల 16 వేలు, పని అయ్యాక ఏ బాధ్యతా ఉండదు.

బడ్జెట్ నిజంగా లేకపోతే రేటు అలాగే ఉంచి పని తగ్గించండి. "లక్షా 62 వేలు ఉంటే 15 రోజులు వస్తాయి. అందులో మొబైల్ స్క్రీన్లు చేస్తాను, డ్యాష్‌బోర్డ్ తర్వాత చూద్దాం" అని చెప్పండి. ఒకసారి 7,000కి దిగితే ఆ క్లయింట్ దగ్గర మళ్లీ 10,800కి ఎక్కడం నా అనుభవంలో ఎప్పుడూ జరగలేదు.

ప్రతి నెలా పని ఇస్తామంటే రేటు తగ్గించవచ్చా?

తగ్గించవచ్చు. ఇక్కడ తగ్గింపుకి లెక్క ఉంది. ఒక క్లయింట్ నెలకి 8 రోజులు ఏడాదంతా ఖాయం చేస్తే మీ ఖాళీ రోజులు 40 నుంచి 20కి పడిపోవచ్చు. బిల్లు రోజులు 160 అవుతాయి, రేటు 9,440 చాలు. అంటే 12 శాతం దాకా తగ్గించినా మీరు నష్టపోరు. అంతకు మించి తగ్గిస్తే మీ జేబులోంచి పోతుంది.

అయితే ఆ ఖాయం కాగితం మీద ఉండాలి. నెలలో పని ఇచ్చినా ఇవ్వకపోయినా 8 రోజుల బిల్లు, ఆపాలంటే 30 రోజుల నోటీసు. ఈ రెండూ ఒప్పుకోకుండా "రెగ్యులర్‌గా పని ఇస్తాం కదా" అని తగ్గింపు అడిగితే మామూలు రేటే చెప్పండి. నోటి మాట మీద నేను ఆరు నెలలు తక్కువ రేటుకి ఒక క్లయింట్ కోసం ప్రతి నెలా రోజులు ఖాళీగా ఉంచాను. వాటిలో సగం కూడా వాడుకోలేదు, వేరే పనులు మాత్రం వదులుకున్నాను.

డబ్బు ఆలస్యంగా ఇస్తే?

చిన్న సంస్థల నమోదు కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఉద్యం పోర్టల్‌లో రిజిస్టర్ అవ్వండి, ఉచితం. రిజిస్టరైన చిన్న సంస్థకి ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు ఇవ్వాలని ఎంఎస్ఎంఈడీ చట్టం చెబుతుంది. దాటితే రిజర్వ్ బ్యాంక్ బ్యాంక్ రేటుకి మూడు రెట్ల చక్రవడ్డీ. ఇన్‌వాయిస్ కింద ఉద్యం నంబర్ రాసినప్పటి నుంచి నాకు అకౌంట్స్ వాళ్ల జవాబులు త్వరగా వస్తున్నాయి. కొత్త క్లయింట్ అయితే 40 శాతం అడ్వాన్స్ వచ్చాకే మొదలుపెట్టండి.

రేటు తప్పిందని ఎప్పుడు తెలుస్తుంది? ఎప్పుడు మార్చాలి?

ఒక షీట్‌లో రోజుకి ఒక్క లైను రాయండి: బిల్లు, డబ్బు రాని పని, ఖాళీ, సెలవు. ఈ నాలుగింటిలో ఆ రోజు ఏదో. 140 రోజుల లక్ష్యానికి మూడు నెలలకి 35 బిల్లు రోజులు రావాలి. 28 వచ్చాయనుకోండి, వెంటనే రేటు మీద చేయి వేయకండి, మిగతా గడులు చూడండి. "ఖాళీ" ఎక్కువగా ఉంటే పని వచ్చే దారి చాలడం లేదు. అప్పుడు రేటు పెంచితే ఖాళీ ఇంకా పెరగవచ్చు. "డబ్బు రాని పని" ఎక్కువగా ఉంటే, మీరు ఉచితంగా చేస్తున్న మార్పులు, కాల్స్ అందులో దాక్కుని ఉంటాయి. వాటిని బిల్లులోకి తేవాలి. రెండూ అంచనా ప్రకారమే ఉండి, 35 దాటి రోజులు వస్తూ, మీరు కొత్త పనులు వద్దనాల్సి వస్తుంటే తర్వాతి కొత్త క్లయింట్‌కి రేటు పెంచి చెప్పండి.

పాత క్లయింట్లకి ఏప్రిల్ 1 నుంచి కొత్త రేటు అని ఫిబ్రవరిలోనే మెయిల్ పెడతాను. వాళ్ల బడ్జెట్ అప్పుడే తయారవుతుంటుంది. మార్చి చివర చెబితే "ఈ ఏడాదికి అయిపోయింది, వచ్చే ఏడాది చూద్దాం" అనే జవాబే వస్తుంది.